కార్పొరేషన్ బాయన్సీ 1.25 అంటున్నారు, మరి నాలా మీద స్లాబ్ వేయడానికి డబ్బులు ఎందుకు లేవు?

శేఖర్_వార్డ్12
మాది హైదరాబాద్ శివారు. 2009లో ఫ్లాట్ కొన్నప్పుడు చుట్టూ ఖాళీ ప్లాట్లు, రెండు కిరాణా కొట్లు ఉండేవి. ఇప్పుడు వీధి చివర ముప్పై అంతస్తుల టవర్లు, మధ్యలో హాస్టళ్లు, కాఫీ షాపులు. మా 1,200 అడుగుల ఫ్లాట్‌కి అప్పట్లో 7 వేలు అద్దె, ఇప్పుడు 28 వేలు. కానీ మా వీధి నాలా మీద స్లాబ్ వేయమని మూడేళ్లుగా అడుగుతుంటే ఒకటే జవాబు, నిధులు లేవట.

మొన్న వార్డు మీటింగ్‌లో ఒక అధికారి "మన టాక్స్ బాయన్సీ 1.25, అంటే ఊరి ఆదాయం కంటే పన్ను వేగంగా పెరుగుతోంది" అన్నారు. అందరూ తలూపారు, నాకు మాత్రం అర్థం కాలేదు. ఊరి కంటే పన్ను వేగంగా పెరుగుతుంటే డబ్బులు ఎక్కడికి పోతున్నాయి? ఈ బాయన్సీ అంటే ఏంటో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతబస్తీ_పాషా
ఎక్కడికి పోతాయి అన్నా, మధ్యలోవాళ్ల జేబుల్లోకి. వసూలు సరిగ్గా చేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఇందులో పెద్ద లెక్కలేం లేవు.

మాజీ_రెవెన్యూ
ముప్పై ఏళ్లు మున్సిపల్ రెవెన్యూ సెక్షన్‌లో పని చేసి రిటైరయ్యాను. పాషా గారు చెప్పింది కొంత నిజమే, బిల్ కలెక్టర్ స్థాయిలో జారిపోయేది ఉంది. కానీ శేఖర్ గారి ప్రశ్నకు జవాబు అది కాదు. ఊళ్లో ఒక్క రూపాయి కూడా ఎవరూ తినకపోయినా, డిమాండ్ నోటీసులన్నీ నూటికి నూరు వసూలైనా, పన్ను ఊరి వెనకే నడుస్తుంది. ఎందుకో ఒక లెక్కతో చెప్తాను. మీ ఊరి అంకెలు నా దగ్గర లేవు కాబట్టి ఇవి ఊహించుకున్నవి.

పోయిన ఏడాది ఇంటి పన్ను 70 కోట్లు వచ్చిందనుకోండి. అందులో 60 కోట్లు ఆ ఏడాది పన్ను, 10 కోట్లు పాత బకాయిలు. ఈ ఏడాది 80.5 కోట్లు వచ్చింది. అంటే 15 శాతం పెరిగింది. ఊరి ఆర్థిక వ్యవస్థ 12 శాతం పెరిగిందనుకుందాం. 15ని 12తో భాగిస్తే 1.25. మీటింగ్‌లో చెప్పిన బాయన్సీ ఇదే. ఊరు ఒక శాతం పెరిగితే పన్ను 1.25 శాతం పెరిగిందని దాని అర్థం. లెక్క తప్పు కాదు.

ఇప్పుడు ఆ పెరిగిన 10.5 కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. వడ్డీ మాఫీ స్కీమ్ పెట్టారు, దాంతో పాత బకాయిలు 10 నుంచి 14.5 కోట్లకు చేరాయి. ఇది 4.5. కొన్ని కేటగిరీల రేటు పెంచారు, దాంతో 4 కోట్లు. మిగిలింది 2 కోట్లు. ఊరు పెరిగినందుకు, కొత్త ఇళ్లు లెక్కలోకి ఎక్కినందుకు వాటంతట అవే వచ్చినవి ఆ 2 కోట్లే.

శేఖర్_వార్డ్12
అంటే 10.5లో 2 మాత్రమే ఊరి ఎదుగుదల వల్ల వచ్చిందా? మరి దాన్ని ఏమంటారు?

మాజీ_రెవెన్యూ
దాన్నే ఎలాస్టిసిటీ అంటారు. ఎవరూ రేటు ముట్టుకోకుండా, మాఫీలు ప్రకటించకుండా, ఊరు పెరిగినంత మాత్రాన పన్ను ఎంత పెరుగుతుందో చెప్పేది అది. పై లెక్కలో 70 మీద 2 అంటే 2.9 శాతం. 12తో భాగిస్తే 0.24. బాయన్సీ 1.25, ఎలాస్టిసిటీ 0.24, రెండూ ఒకే ఊరివి, ఒకే ఏడాదివి.

ఇక మరుసటి ఏడాది చూడండి. మాఫీ స్కీమ్ లేదు, కట్టాలనుకున్న బకాయిదారులు ముందే కట్టేశారు, కాబట్టి పాత బాకీ 8 కోట్లే వచ్చింది. రేటు పెంపు లేదు. కొత్త ఇళ్ల నుంచి మళ్లీ 2 కోట్లు. మొత్తం 76. అంటే 80.5 నుంచి 4.5 కోట్లు తగ్గింది. ఊరు మాత్రం మళ్లీ 12 శాతం పెరిగింది. ఆ ఏడాది మీటింగ్‌లో బాయన్సీ గురించి ఎవరూ మాట్లాడరు.

పాషా_మళ్లీ_కాదు_పద్మ
బీఏ తెలుగు మీడియంలో ఎలాస్టిసిటీని వ్యాకోచత్వం అని చదివాం, పరీక్ష అయిపోగానే మర్చిపోయాం. ఈ 0.24 చూశాక ఇప్పుడు అర్థమైంది. రబ్బరు బ్యాండ్ ఎంత సాగుతుందన్నదే కదా.

ఎకో_మాస్టారు
డిగ్రీ కాలేజీలో పబ్లిక్ ఫైనాన్స్ చెప్తాను. మాజీ_రెవెన్యూ గారి లెక్క బాగుంది, ఒకటి రెండు అభ్యంతరాలు మాత్రం ఉన్నాయి.

ఒకే ఏడాది మీద తీసిన బాయన్సీని నమ్మకూడదు. మార్చి 31 లోపు కట్టాల్సింది జనం ఏప్రిల్‌కి వాయిదా వేసినా ఆ అంకె అటూ ఇటూ ఊగిపోతుంది. కనీసం పదేళ్ల వరుస కావాలి.

రెండోది భాగహారంలో కింద ఉండే అంకె. "ఊరి ఆర్థిక వ్యవస్థ 12 శాతం పెరిగింది" అని చెప్పడానికి నగరానికి విడిగా జీడీపీ అధికారికంగా ఎవరూ లెక్కించరు. దొరికేవి జిల్లా అంచనాలు. హైదరాబాద్ నగరం హైదరాబాద్ జిల్లాలోనే ఆగదు కదా, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి జిల్లాల్లోకీ విస్తరించింది. ఆ జిల్లాల్లో పొలాలు, ఫార్మా కంపెనీలు కూడా ఉన్నాయి. కాబట్టి కింద ఏ అంకె వేశారో అడగాలి. ధరల పెరుగుదల తీసేసిన వృద్ధి రేటు వేస్తే ఇంకా మోసపోతాం. పన్నేమో నేటి రూపాయల్లో ఉంటుంది, వృద్ధి ధరలు తీసేసిన లెక్కలో ఉంటుంది. పై ఉదాహరణలో 12 బదులు 7 వేస్తే బాయన్సీ 2.1 అయి కూర్చుంటుంది.

శేఖర్ గారూ, ఆ అధికారిని ఈ రెండూ అడగండి. ఎన్నేళ్ల లెక్క? కింద ఏ జిల్లా అంకె, ధరలతో కలిపా, తీసేసా?

గృహలక్ష్మి_1968
మా ఇంటికి రెండు అసెస్‌మెంట్ నంబర్లు వచ్చాయి, రెండిటి మీదా డిమాండ్ వస్తోంది. మావారు పోయాక మ్యుటేషన్ చేయించుకున్నప్పుడు ఇలా అయింది. ఏం చేయాలో చెప్పగలరా?

మాజీ_రెవెన్యూ
అమ్మా, ఇది వేరే విషయం, అయినా చెప్తాను. పాత నంబరు రద్దు చేయమని డిప్యూటీ కమిషనర్ పేరిట అర్జీ పెట్టండి. సేల్ డీడ్, మ్యుటేషన్ ఉత్తర్వు, కరెంటు బిల్లు జత చేయండి. ఈలోపు సరైన నంబరు మీద పన్ను కట్టడం ఆపకండి, వడ్డీ నెలకు 2 శాతం పడుతుంది. ఇంకో మాట. మీలాంటి జంట నంబర్ల వల్ల కాగితం మీద డిమాండ్ ఉబ్బుతుంది, వసూలు తక్కువగా కనపడుతుంది. ఎవరో తిన్నారని పాషా గారు అనుకునే దాంట్లో కొంత అసలు లేని డబ్బే.

పాతబస్తీ_పాషా
ఇది కొత్త విషయం సార్. కానీ తినేది అసలు లేదంటే ఒప్పుకోను.

మాజీ_రెవెన్యూ
లేదనలేదు. వసూలు ఎంత బాగున్నా ఎలాస్టిసిటీ 0.24 దగ్గరే ఎందుకు ఆగుతుందో చెప్తాను, శేఖర్ గారి ఫ్లాట్ మీదే లెక్క వేద్దాం.

హైదరాబాద్‌లో ఇంటి పన్ను అద్దె విలువ మీద. కానీ అది మీకు నిజంగా వచ్చే అద్దె కాదు, ప్రాంతాన్ని బట్టి చదరపు అడుగుకి కార్పొరేషన్ ఖరారు చేసిన అద్దె. ఇళ్లకు 2002లో, వ్యాపార భవనాలకు 2007లో ఖరారైన రేట్లే ఏళ్ల తరబడి నడిచాయి. మీ ప్రాంతానికి అడుగుకి 1 రూపాయి అనుకుందాం. 1,200 అడుగులకు నెలకు 1,200, ఏడాదికి 14,400. భవనం పాతబడినందుకు 10 శాతం తీసేస్తే 12,960. మీ అద్దె విలువ శ్రేణికి 30 శాతం పన్ను, 3,888. దాని మీద 8 శాతం లైబ్రరీ సెస్సు, 311. మొత్తం 4,199 రూపాయలు.

2009లో మీకు ఏడాదికి 84 వేలు అద్దె వస్తే అందులో పన్ను 5 శాతం. ఇప్పుడు 3.36 లక్షల అద్దె, పన్ను అదే 4,199, అంటే 1.25 శాతం. అద్దె నాలుగింతలైంది, పన్ను గుమ్మం కూడా దాటలేదు.

ఇంకో సంగతి ఉంది. భవనానికి 25 ఏళ్లు దాటితే తరుగుదల 10 నుంచి 20 శాతం అవుతుంది, 40 దాటితే 30. మీ భవనం 25 దాటిన ఏడాది పన్ను 4,199 నుంచి 3,732కి దిగుతుంది. అదే ఏడాది మీ అద్దె పెరుగుతుంది. అంటే పాత ఇళ్ల మీద ఎలాస్టిసిటీ సున్నా కూడా కాదు, సున్నా కంటే తక్కువ. ఊరు కొత్త ఇళ్లు కడుతున్నంత కాలం ఇది బయటికి కనపడదు.

శేఖర్_వార్డ్12
నా బిల్లు తీసి చూశాను సార్. మీరు చెప్పినదానికి దగ్గరగానే ఉంది. పదిహేనేళ్లలో ఎప్పుడూ పెద్దగా మారలేదు. నాకు సంతోషంగానే ఉండేది, ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉంది.

మాదాపూర్_కోడర్
ఒక్క నిమిషం. మేం ఇన్‌కమ్ టాక్స్ లక్షల్లో కడుతున్నాం, కొనే ప్రతి వస్తువు మీదా జీఎస్టీ కడుతున్నాం. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2014-15లో 66 వేల కోట్లు, 2022-23కి 2.41 లక్షల కోట్లు. ఈ ఎదుగుదలలో ఊరికి ఏమీ రావట్లేదంటే ఎలా?

ఎకో_మాస్టారు
అసలు చిక్కు అదే బ్రో. ఊరు ఏ దారుల్లో ఎదుగుతుందో ఆ దారుల్లో ఊరికి పన్ను వేసే హక్కు లేదు. జీతాల మీద పన్ను కేంద్రానిది. అమ్మకాల మీద జీఎస్టీ కేంద్రానిది, రాష్ట్రానిది. ప్రకటనల పన్ను 2017 జులైలో జీఎస్టీలో కలిసిపోయింది. ముంబైకి అప్పటిదాకా ఆక్ట్రాయ్ ఉండేది, ఊళ్లోకి సరుకు వస్తే పన్ను. అది వ్యాపారంతో పాటు పెరిగేది. అదీ అదే రోజు పోయింది, బదులుగా పరిహారం ఇస్తున్నారు.

నీ జీతం నుంచి ఊరి వైపు వెళ్లేది ఒకటుంది, ప్రొఫెషనల్ టాక్స్. పే స్లిప్పు చూడు, నెలకు 200. ఇది స్థానిక సంస్థల కోసమని చెప్పుకునే పన్ను, మన దగ్గర రాష్ట్రం వసూలు చేస్తుంది. రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఏడాదికి 2,500 మించకూడదు. ఆ హద్దు 1988లో 60వ సవరణతో పెట్టారు, అంతకు ముందు 250. నెలకు 21 వేలు వచ్చే షాపు గుమాస్తా 200 కడతాడు, రెండు లక్షలు వచ్చే నువ్వూ 200 కడతావు. నీ జీతం రెట్టింపైనా అది కదలదు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ల సంఖ్య పెరిగితేనే పెరుగుతుంది.

మాదాపూర్_కోడర్
చూశాను, 200. ఆరేళ్లుగా అదే. ఇది ఎప్పుడూ గమనించలేదు.

బెజవాడ_బుల్లోడు
మా ఏపీలో ఈ సమస్య తీరిపోయింది. 2021-22 నుంచి అద్దె విలువ తీసేసి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్ను పెరుగుతుంది, ఆటోమేటిక్. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య. మీరూ అదే చేసుకోండి.

ఎకో_మాస్టారు
దిశ మంచిదే. కానీ తీరిపోయిందనకండి. ముందటి ఏడాది పన్ను కంటే 15 శాతానికి మించి పెంచకూడదని అందులోనే హద్దు పెట్టారు. మీ ఇంటికి ఇప్పుడు 2,000, కొత్త పద్ధతిలో 6,000 రావాలనుకోండి. ఏటా 15 శాతం చొప్పున 6,000 చేరడానికి 8 ఏళ్లు. అదీ 6,000 అక్కడే కూర్చుంటే. ఈలోపు ఆస్తి విలువ ఏటా 8 శాతం పెరిగితే, పన్ను దాన్ని అందుకోవడానికి 17 ఏళ్లు పైనే పడుతుంది. అన్నేళ్లూ మీ ఇంటి మీద పెరుగుదలను నిర్ణయించేది విలువ కాదు, ఆ 15 శాతం హద్దే.

ఇక విలువ దానంతటదే పెరగదు కూడా. రిజిస్ట్రేషన్ విలువల్ని ప్రభుత్వం సవరించాలి. తెలంగాణలో 2013 తర్వాత మళ్లీ 2021లో సవరించారు, మధ్యలో ఎనిమిదేళ్లు బజారులో భూమి ధరలు ఎలా పోయాయో అందరికీ తెలుసు. అద్దె పట్టికని ఎవరూ ముట్టుకోనట్టే విలువల పట్టికనీ ముట్టుకోకపోతే, పేరు మారుతుంది తప్ప ఎలాస్టిసిటీ రాదు.

బెజవాడ_బుల్లోడు
15 శాతం హద్దు లేకపోతే జనం రోడ్డెక్కేవాళ్లు మాస్టారూ. మా నాన్న మొదటి బిల్లు చూసి రెండు రోజులు భోజనం సరిగ్గా చేయలేదు.

పెన్షనర్_విశాఖ
ఇందాకటి నుంచి అందరూ పన్ను పెరగడం లేదని బాధపడుతున్నారు. నా బాధ వినండి. నా ఇల్లు 1989లో కట్టాను. దాని విలువ కోటి దాటిందట. నాకు వచ్చే పెన్షన్ 24 వేలు. ఇల్లు అమ్మితేనే ఆ కోటి నాది. అద్దెకివ్వలేదు, నేనే ఉంటున్నాను. ఊరు ఎదిగింది కాబట్టి నా పన్నూ ఎదగాలంటే, నా పెన్షన్ ఊరితో పాటు ఎదిగిందా? ఎలాస్టిసిటీ ఒకటి కావాలనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

మాజీ_రెవెన్యూ
మీ మాట న్యాయమైనదే. నా దగ్గర పూర్తి జవాబు లేదు. సొంతంగా ఉండే వృద్ధులకు పన్ను వాయిదా వేసి, ఆస్తి చేతులు మారినప్పుడు వసూలు చేయడం ఒక దారి. మన దగ్గర మాత్రం అందరికీ రేటు గడ్డకట్టించడమే ఏకైక దారి అయింది. మీ కోసమని ఆపిన పన్ను, అదే వీధిలో పది ఫ్లాట్లు అద్దెకిచ్చేవాడికీ ఆగింది. 2016 ఎన్నికల ముందు హైదరాబాద్‌లో ఏడాదికి 1,200 లోపు పన్ను ఉన్న ఇళ్లకు 101 రూపాయలే చాలన్నారు. పేదవాళ్ల కోసమని పెట్టారు. కానీ ఆ 1,200 పాత అద్దె రేట్ల మీద లెక్క కాబట్టి, విలువ బాగా పెరిగిన చిన్న ఇళ్లు కూడా అందులోనే ఉండిపోయాయి.

ఫ్రిస్కో_ఫణి
డల్లాస్ పక్కన ఉంటాను. ఇక్కడ ప్రతి ఏడూ ఇంటి విలువ కొత్తగా లెక్కిస్తారు, ఏప్రిల్లో నోటీసు వస్తుంది, మేమంతా వెళ్లి ఎక్కువ వేశారని అప్పీల్ చేస్తాం. సొంతంగా ఉండే ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. ఇంకో తాళం కూడా ఉంది. పాత ఆస్తుల మీద సిటీ నిర్వహణ పన్ను ఆదాయం 3.5 శాతం కంటే ఎక్కువ పెరిగేలా రేటు పెట్టాలంటే 2019 చట్టం ప్రకారం ఓటర్లను అడగాలి. అందుకని విలువలు ఎగిరిన ఏడాది సిటీ రేటు తగ్గించుకుంటుంది. బేస్ సాగుతుంది, చట్టం వెనక్కి లాగుతుంది. అయితే కొత్త ఇళ్లు ఆ 3.5లోకి రావు, అందుకే మా ఊరు బండి నడుస్తోంది.

హాస్టల్_సుధాకర్
నాది అమీర్‌పేట దగ్గర హాస్టల్. నిజం చెప్తాను. భవనం ఇల్లుగా అసెస్ అయింది, తొమ్మిదేళ్లు ఇంటి రేటే కట్టాను. ఎవరూ రాలేదు, నేనూ చెప్పలేదు. రెండేళ్ల కింద కరెంటు మీటర్ల లిస్టుతో వచ్చారు. నా మీటరు కేటగిరీ 2, వ్యాపారం. ఇంటి పన్నులో మాత్రం నివాసం. ఒక్కసారిగా పాత ఏళ్లతో కలిపి వేశారు. కట్టాను, కానీ పక్క వీధిలో మీటరు మార్చుకోనివాళ్లు ఇంకా ఇంటి రేటే కడుతున్నారు. నిజాయితీగా కమర్షియల్ మీటరు పెట్టుకున్నవాడే దొరికాడు.

మాజీ_రెవెన్యూ
సుధాకర్ గారు చెప్పింది బంగారం లాంటి సంగతి. ఊరు పెరగడమంటే కొత్త టవర్లే కాదు. ఇల్లు హాస్టల్ అవడం, పార్కింగ్ షాపు అవడం, మూడంతస్తుల మీద పెంట్‌హౌస్ లేవడం. ఇవేవీ దరఖాస్తు పెట్టుకుని రావు. ఎవరో వెళ్లి చూసి రిజిస్టర్లో మార్చాలి. మా రోజుల్లో ఒక్కో బిల్ కలెక్టర్ కింద వేల ఇళ్లు ఉండేవి. మార్చి వచ్చేసరికి వసూలు టెన్షన్, కొత్తవి చూసే తీరిక ఎక్కడిది? 2016-17 ఆర్థిక సర్వేలో శాటిలైట్ చిత్రాలతో చూసి బెంగళూరు, జైపూర్ తమ ఇంటి పన్ను సామర్థ్యంలో 5 నుంచి 20 శాతమే వసూలు చేస్తున్నాయని రాశారు. తేడాలో కొంత భాగం ఇలాంటి లోపాలదే.

ఎకో_మాస్టారు
పైన ఎవరూ చెప్పని ఒక విషయం. 15వ ఆర్థిక సంఘం 2021-26లో పట్టణ సంస్థలకిచ్చే గ్రాంట్లకు ఒక షరతు పెట్టింది. ఇంటి పన్నుకి కనీస రేట్లు నోటిఫై చేయాలి, ఆపైన వసూళ్లు రాష్ట్ర జీఎస్‌డీపీ గత ఐదేళ్ల సగటు వృద్ధితో సమానంగానైనా పెరగాలి. అంటే బాయన్సీ కనీసం 1 ఉండాలని. మీటింగ్‌లో 1.25 అంకె ఎందుకు వినిపించిందో ఇప్పుడు ఊహించవచ్చు. షరతు బాయన్సీ మీద ఉంది, ఎలాస్టిసిటీ మీద లేదు. మాఫీ స్కీమ్ పెట్టి బకాయిలు రాబట్టినా షరతు నెరవేరుతుంది.

మాజీ_రెవెన్యూ
ఆ షరతు లేకపోతే అది కూడా చేసేవాళ్లు కాదు మాస్టారూ. నేను దాన్ని తప్పు పట్టను.

ఎకో_మాస్టారు
వడ్డీలో 90 శాతం మాఫీ ఒకసారి చూసినవాడు తర్వాత గడువుకి కడతాడా? తప్పు పట్టాల్సిందే అంటాను.

శేఖర్_వార్డ్12
పది రోజుల తర్వాత వస్తున్నాను. మాజీ_రెవెన్యూ సార్ మెసేజ్‌లో చెప్పినట్టు డిమాండ్, వసూలు, నిల్వ చూపించే డీసీబీ స్టేట్‌మెంట్ సమాచార హక్కు కింద అడిగాను. కౌంటర్‌లోనే గత ఐదేళ్లవి చూపించారు, రాసుకున్నాను.

నాకు అర్థమైనంత వరకు చెప్తాను. 1.25 వచ్చిన ఏడాది మాఫీ స్కీమ్ నడిచింది. పెరిగిన వసూలులో సగం కంటే ఎక్కువ బకాయిల వరసలోనే ఉంది. బకాయిలు కాకుండా ఏ ఏడాదికి ఆ ఏడాది డిమాండ్ చూపే వరస ఐదేళ్లలో చాలా మెల్లగా కదిలింది, అది కూడా కొత్త అసెస్‌మెంట్ల సంఖ్య పెరిగిన మేరకే. ఒక్కో ఇంటికి సగటు డిమాండ్ తీస్తే దాదాపు అక్కడే ఉంది. మా వీధి చివరి టవర్లలో రెండు ఇంకా అసెస్‌మెంట్ లిస్టులో లేవు, జనం మాత్రం ఏడాదిన్నరగా ఉంటున్నారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాలేదని కారణం చెప్పారు.

మాజీ_రెవెన్యూ
సర్టిఫికెట్ లేకపోయినా జనం ఉంటుంటే పన్ను వేయొచ్చు. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు, ఆ మాట నోటీసులోనే రాస్తారు. ఆ రెండు టవర్ల పేర్లు, ఫ్లాట్ల సంఖ్య రాసి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.

శేఖర్_వార్డ్12
సోమవారం ఇస్తున్నాను. నా ఫ్లాట్ రేటు సంగతి కూడా రాయాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. మా ఆవిడ వద్దంటోంది.

పెన్షనర్_విశాఖ
టవర్ల సంగతి రాయండి బాబూ. రేటు సంగతి రాసేటప్పుడు నా పోస్టు ఒకసారి మళ్లీ చదవండి.